మార్చి మామిడి, కార్బైడ్ పొట్లం: అపోహలు - వాస్తవాలు

మామిడి వ్యాపారంలో ఎక్కువ ధర పలికేది సీజన్‌లో మొదట వచ్చిన కాయకే. మా దక్షిణ తెలంగాణ తోటల్లో బంగినపల్లి జోరుగా దిగేది ఏప్రిల్, మే నెలల్లో. మార్చిలోనే కాయ దింపితే రేటు బాగా వస్తుంది, కానీ కాయకు పుష్టి రాదు. పుష్టి లేని కాయను కూడా పసుపు రంగులోకి తిప్పేది కార్బైడ్. నేను హోల్‌సేల్‌లో కాయ కొని, గదిలో మాగబెట్టి, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల చిల్లర దుకాణాలకు వేస్తుంటాను. మాగబెట్టే గది నాకూ ఉంది కాబట్టి, గదుల గురించి నేను చెప్పేది ఆ లెక్కన తగ్గించుకునే వినండి.

అపోహ: బకెట్ నీళ్లలో వేస్తే తేలింది కార్బైడ్ కాయ, మునిగింది మంచి కాయ.

ప్రతి వేసవిలో ఫోన్లలో తిరిగే వీడియో ఇది. ఇందులో సగమే నిజం. నీళ్ల పరీక్ష చెప్పేది కాయ ముదిరిందా లేదా అన్న సంగతి మాత్రమే, మందు సంగతి కాదు. చెట్టు మీద పుష్టిగా ఎదిగిన కాయలో పిండి పదార్థం నిండుతుంది, అందుకే నీటికంటే కాస్త బరువై మునుగుతుంది. లేతగా కోసిన కాయ తేలుతుంది. తోటల దగ్గర లేతకాయను వేరు చేయడానికి ఈ పద్ధతి పనికొస్తుంది కూడా.

ఇప్పుడు రెండు రకాల కాయలు ఊహించుకోండి. ఒకటి లేతకాయ, మందేమీ పెట్టలేదు. అది తేలుతుంది. రెండోది మే నెలలో కోసిన మంచి పుష్టి కాయ. గదికి అద్దె ఎందుకని కార్బైడ్ పెట్టి మాగేశారు. అది రాయిలా మునుగుతుంది. వీడియో లెక్క ప్రకారం మొదటిది విషం, రెండోది అమృతం! నిజానికి కార్బైడ్ పెట్టింది రెండోదానికే. బకెట్‌లో తేలిన కాయను వద్దనుకోవడం సరైన పనే, ఎందుకంటే అది తియ్యబడదు. మునిగింది కదా అని నిశ్చింతగా ఉండటమే తప్పు.

అగ్గిపుల్ల గీసి కాయ దగ్గర పెట్టడం, వంటసోడా చల్లడం లాంటివి కూడా చూపిస్తున్నారు. వాటితో ఏమీ తేలదు. కాయల మధ్య పెట్టే కార్బైడ్ పొట్లాల నుంచి వచ్చే ఎసిటిలీన్ మండే గ్యాస్ కాబట్టి, మాగేసిన గోదాములో అగ్గిపుల్ల గీయడం మాత్రం నిజంగా ప్రమాదం.

అసలు కార్బైడ్ ఏం చేస్తుంది

మార్కెట్లో దీన్ని "మసాలా" అంటారు. బూడిద రంగు రాళ్ల ముక్కల్లా ఉంటుంది. చిన్న కాగితం పొట్లాలు కట్టి కాయల మధ్య పెడతారు. కాయ నుంచి వచ్చే తేమ తగలగానే అది ఎసిటిలీన్ వాయువు వదులుతుంది, సున్నం మిగులుతుంది. వెల్డింగ్ షాపులో మంట పెట్టే గ్యాసూ అదే. పండు తనంతట తాను మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. ఎసిటిలీన్ దానిలాగా నటించి కాయను మోసం చేస్తుంది.

గ్యాస్‌కంటే పెద్ద చిక్కు దాని వెంట వచ్చే మురికితో. మార్కెట్లో దొరికే కార్బైడ్ పరిశ్రమల సరుకు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. అవి కాయ మీద, దాన్ని చేత్తో పెట్టే హమాలీ మీద కూడా పడతాయి. 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్లు అమ్మడం నిషేధం.

అపోహ: ఒకే రంగులో నిగనిగలాడితే మందు పెట్టినట్టే.

ఈ మాట నమ్మి చాలామంది మంచి పండును వదిలేసి వెళ్తుంటారు. సరిగ్గా నడిపే రైపనింగ్ గదిలో కాయలన్నీ దాదాపు ఒకే రంగుకు వస్తాయి, అక్కడ చేసే పనే అది. మామిడికి గదిని 20 నుంచి 22 డిగ్రీల్లో ఉంచి, తేమ 90 శాతం దాటించి, ఒక రోజు పాటు ఇథిలీన్ గ్యాస్ ఇస్తాం. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్ల వరకు అనుమతి ఉంది. తర్వాత తలుపు తెరిచి, కాయలు వదిలిన బొగ్గుపులుసు వాయువును బయటికి పంపాలి. అది నిలిచిపోతే మాగడం ఆగిపోతుంది. నాలుగైదు రోజుల్లో సరుకు బయటికి వస్తుంది. ఇథిలీన్ పండు సొంత గ్యాసే కాబట్టి ఇందులో దాచాల్సింది లేదు.

అరటిపండుకూ ఇదే కథ. తోలు పసుపు, తొడిమ ఆకుపచ్చ ఉంటే కార్బైడ్ అని కొందరు తేల్చేస్తారు. చల్లని గదిలో మాగిన అరటి బయటికొచ్చిన మొదటి రోజు సరిగ్గా అలాగే ఉంటుంది.

ఇథిఫాన్ అనే మందు సంగతి వేరు. దాన్ని ఇథిలీన్ గ్యాస్ పుట్టించడానికే వాడాలి, కాయకు తగలకూడదు. డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలిపి, అరటి గెలలు ముంచి తీసే పని కొన్నిచోట్ల జరుగుతోంది. అది నిషేధం. గెల మీద చారలుగా ఎండిన మరకలు కనిపిస్తే అడగండి.

మరి ట్రే ముందు నిలబడి ఎలా చూడాలి?

మార్చి రెండో వారం, ఒక ట్రే బంగినపల్లి మీ ముందుందనుకుందాం. పైవరుస చూసి రేటు మాట్లాడకండి, అది చూపులకు పేర్చిందే. కిందివరుసలోకి చెయ్యి పెట్టి ఒక కాయ తీయండి. అలా తీసేటప్పుడే కాగితం పొట్లం గానీ, కాయల మీద తెల్లటి సున్నంలాంటి పొడి గానీ ఉందేమో చూడండి. పొట్లం దొరికితే మిగతా పరీక్షలు అక్కర్లేదు.

తర్వాత వాసన. ట్రే తెరవగానే వెల్లుల్లిలాంటి ఘాటు వస్తే అది కార్బైడ్‌లోని ఫాస్ఫరస్ మురికి వాసన. కాయను ముచ్చిక దగ్గర ముక్కుకు ఆనించి చూడండి. పండిన బంగినపల్లికి అక్కడ తీపి వాసన ఉండాలి. రంగు పూర్తిగా వచ్చి వాసన రాలేదంటే అనుమానించాలి. ట్రే వేడిగా ఉండటాన్ని కూడా గుర్తుగా చెబుతారు. నేను దాన్ని అంతగా నమ్మను, ఎందుకంటే మాగే కాయ ఏదైనా కాస్త వేడెక్కుతుంది.

ఇప్పుడు ఆకారం. ముదిరిన కాయకు ముచ్చికకు రెండు పక్కలా భుజాలు పైకి లేచి, ముచ్చిక గుంటలో ఉన్నట్టు కనిపిస్తుంది. లేతకాయకు భుజాలు జారి, ముచ్చిక పైకి పొడుచుకుని ఉంటుంది. రంగు మార్చొచ్చు గానీ భుజాలు తెప్పించే పొడి ఏదీ లేదు.

చివరిది కత్తి. ఒక కాయ డబ్బులిచ్చి కొని, టెంక దాకా కోయించండి. మామిడి లోపలి నుంచి బయటికి మాగుతుంది, టెంక దగ్గర కండ ముందు పసుపెక్కుతుంది. తోలు బంగారంలా ఉండి టెంక దగ్గర తెల్లగా, పుల్లగా ఉంటే రంగు బయటి నుంచి వచ్చిందన్నమాట. టెంకను కూడా చూడండి. ముదిరిన టెంకకు కత్తి అడ్డం తగులుతుంది. కత్తి టెంకను, లోపలి జీడిని కూడా సులువుగా తెంపుకుంటూ పోయిందా, ఆ కాయ ఇంకా కొన్ని వారాలు చెట్టు మీద ఉండాల్సింది. మీరు ఇంటికి తెచ్చి ఎన్ని రోజులు పెట్టినా అది ముడతలు పడుతుంది తప్ప తియ్యబడదు.

ఇన్ని చూసినా ఒక కాయ మన చేతికి చిక్కదు. పుష్టిగా ముదిరి, కార్బైడ్‌తో మాగి, పొట్లాలు తీసేసి, తుడిచి పెట్టిన కాయ. దాన్ని కంటితో గానీ ముక్కుతో గానీ పట్టడం నా వల్ల కూడా కాదు. అందుకేనేమో 2025లో ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన సూచనల్లో, పండ్ల ట్రేల పక్కన గానీ గోదాములో గానీ కార్బైడ్ దొరికితే చాలు, దాన్నే సాక్ష్యంగా తీసుకుని కేసు పెట్టొచ్చని చెప్పింది. దుకాణదారు మాగేసే చోటు చూపిస్తాడా లేదా అన్నది కాయ రంగుకంటే ఎక్కువ చెబుతుంది.

అపోహ: ఉప్పునీళ్లలో కడిగితే పోతుంది.

తోలు మీది పొడి, దుమ్ము మామూలు కుళాయి నీళ్లకే చాలావరకు పోతాయి. కాబట్టి పారే నీళ్ల కింద రుద్ది కడగండి, తొక్క తీసి తినండి, తొక్కను పళ్లతో లాగే అలవాటు మానండి. పొట్లం దొరికిన ట్రేలోని కాయను మాత్రం ఎంత కడిగినా నేను పిల్లలకు పెట్టను.

అపోహ: నల్లగొండ బత్తాయి, ద్రాక్షలకు కూడా కార్బైడ్ పెట్టి పండిస్తున్నారు.

పెట్టినా ప్రయోజనం లేదు. బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ, పుచ్చకాయ కోసిన తర్వాత మాగవు. కోసినప్పుడు ఎంత తీపో అంతే. బత్తాయికి గ్యాస్ పెడితే తోలు ఆకుపచ్చ పోయి పసుపు రావచ్చు, రసం మారదు. మన నల్లగొండ బత్తాయి ఆకుపచ్చగా ఉన్నా బరువుగా, తోలు పలచగా ఉంటే రసం నిండుగా ఉన్నట్టే.

అపోహ: సీజన్ కాని మామిడంతా మందు కాయే.

కేరళ పాలక్కాడ్ దగ్గర ముతలమడ తోటల కాయ జనవరి, ఫిబ్రవరిలోనే వస్తుంది. తమిళనాడు కన్యాకుమారి వైపు చలికాలంలో కూడా కాపు ఉంటుంది. కాబట్టి ఫిబ్రవరిలో మామిడి కనిపించడం నేరం కాదు. ఫిబ్రవరిలో మా దక్షిణ తెలంగాణ "కొల్లాపూర్ బంగినపల్లి" అని చెప్పి పసుపు కాయ అమ్మేవాడిని మాత్రం తోట ఎక్కడిదో అడగండి.

తొందరపడి పండు కొనకుండా, భుజాలు లేచిన పచ్చికాయ కొని ఇంట్లోనే మాగేసుకుంటే పొట్లం గొడవే ఉండదు. సొన కడిగి, తుడిచి, వరిగడ్డిలో గానీ అట్టపెట్టెలో కాగితం పరిచి గానీ పెట్టండి. తొందర కావాలంటే రెండు పండిన అరటిపళ్లు పక్కన పెట్టండి, వాటి ఇథిలీన్ చాలు. రోజూ ఒకసారి తెరిచి, మెత్తబడ్డవి ముందు తీసేయండి. అయిదారు రోజుల్లో పండుతాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చలి దెబ్బకు తోలు నల్లబడుతుంది, ఆ తర్వాత మాగదు.

ఇక్కడ ఒక చిక్కుంది. మే నెలలో మన ఇళ్లలో ఉండే వేడికి కాయ లోపల పండినా తోలు ఆకుపచ్చగానే మిగిలిపోవచ్చు. ఇంట్లో అన్నింటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టండి. రంగు కోసం ఎదురుచూస్తే కాయ లోపల కుళ్లుతుంది, కాబట్టి ముచ్చిక వాసన చూసి, బొటనవేలితో మెల్లగా నొక్కి తీయండి.

మామిడి లేని నెలల్లో ఊరి దగ్గరి పండ్లవైపు చూడటమే నేను చేసే పని. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సీతాఫలం ఉంటుంది, బాలానగర్ పేరుతో పిలిచే రకం మా జిల్లాదే. కన్నుల మధ్య సందులు తెల్లబడి విచ్చుకున్న గట్టికాయ తెచ్చుకుంటే రెండు మూడు రోజుల్లో ఇంట్లోనే పండుతుంది. చలికాలంలో జామ దొరుకుతుంది. బొప్పాయి ఏడాది పొడవునా ఉంటుంది, కొనేటప్పుడు ఆకుపచ్చ తోలు మీద ఒకటి రెండు పసుపు చారలు మొదలైన కాయ ఎంచుకోండి. చార రాకముందే కోసిన బొప్పాయి రంగు తిరిగినా చప్పగానే ఉంటుంది.