తొంభై సెకన్ల హరికథ: తగాదా అంతా విరామం దగ్గరే

హరికథను తొంభై సెకన్ల వీడియోగా కుదించవచ్చా అనే వాదం మళ్లీ రాజుకుంది. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఈ కళకు తెచ్చిన వైభవం అందరికీ తెలిసినదే కనుక దాన్ని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. నేటి తగాదాకు మూలం రేడియోలో ఉంది.

1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రాత్రంతా సాగగలిగిన కథ స్టూడియోలోకి వచ్చేసరికి గడియారానికి లోబడింది. అంతకంటే పెద్ద మార్పు ఏమిటంటే, ఎదుట సభ లేకుండా పోయింది. పందిట్లో కథ చెప్పే దాసుగారు 'శ్రీమద్రమారమణ గోవిందో' అని ఆగితే 'హారి' అని జనం అందుకునేవారు. కాబట్టి ఆ విరామం సభ పలికే చోటు, అది ఖాళీ కాదు. స్టూడియోలో ఆ పని సహకార వాద్యాలవారు, వంతపాటవారు చేయవలసి వచ్చింది.

2022లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ పరిమితి తొంభై సెకన్లకు పెరిగినప్పుడు ఇదే చిక్కు మరింత బిగుసుకుంది. మొదటి క్షణాల్లోనే పట్టుకోకపోతే చూసేవారు జారిపోతారని వీడియో తీసేవారి వాదన. అందులో నిజం ఉంది. అయితే నిశ్శబ్దాన్ని దానంతటదే కత్తిరించే ఎడిటింగ్ సదుపాయాన్ని వాడినప్పుడు ఏమవుతుందో కళాకారులు చెప్పే మాట ఇంకా శ్రద్ధగా వినదగినది.

ధ్రువుణ్ణి సురుచి తండ్రి ఒడిలోకి ఎక్కనివ్వని ఘట్టాన్నే తీసుకుందాం. నిమిషానికి 80 తాళాక్షరాల నడకలో, ఎనిమిది అక్షరాల ఆదితాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, ఆరు సెకన్లు. రెండు ఆవర్తనాల పల్లవితో ఎత్తుకుంటే పన్నెండు సెకన్లు అవుతాయి. మృదంగం ఆగి, శ్రుతి మాత్రమే వినిపిస్తుండగా సాగే వచనానికి ముప్ఫై, సురుచి తిరస్కారం చెప్పే పద్యానికి ఇరవై పోతాయి. పద్యం తాళం లేకుండా సాగుతుంది. అది ముగిశాక నాలుగు సెకన్లు ఏమీ వినిపించకూడదు. బాలుడి అవమానం వినేవారి మనసులో దిగేది అప్పుడే. తరువాత దాసుగారి చిరతల దెబ్బే మృదంగానికి సంకేతం. మూడు ఆవర్తనాల కీర్తనకు పద్దెనిమిది, గోవింద నామానికి ఆరు పోగా సరిగ్గా తొంభై.

ఆ నాలుగు సెకన్లను కత్తిరిస్తే పద్యపు చివరి అక్షరం మీదనే మృదంగం పడుతుంది, తిరస్కారం కథలో ఒక వార్తగా మిగులుతుంది. కోత తాళంలో నడిచే భాగంలో పడితే ఆవర్తనం మొదలయ్యే చోటు, అంటే సమం, తప్పుతుంది. చిరతల దెబ్బకు, మృదంగానికి పొంతన కుదరకపోవడంతో అది వెంటనే తెలిసిపోతుంది. ఖాళీ నింపడానికి వేరే శ్రుతిలోని నేపథ్య సంగీతం తెచ్చిపెడితే పాడినవారే అపశ్రుతి పలికినట్లు వినిపిస్తుంది.

నిడివి తగ్గించక తప్పనప్పుడు వచనంలో పది సెకన్లు వదులుకోవడానికి కళాకారులు సిద్ధంగానే ఉన్నారు. పద్యం తరువాతి నాలుగు సెకన్ల విషయంలోనే వారు పట్టు విడవడం లేదు.