శ్రమకు తగిన ఫలితం వస్తుంది, అదే భయం

"వృశ్చికం: పరీక్షలో తెలిసిన ప్రశ్నలు కొన్ని, తెలియనివి కొన్ని వస్తాయి. క్యాంటీన్‌లో నిన్నటి కూర కొత్త పేరుతో ఎదురవుతుంది. స్నానాల గది దగ్గర నిరీక్షణ తప్పదు. శ్రమకు తగిన ఫలితం లభిస్తుంది."

హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు ఇలాంటి ఉత్తుత్తి రాశిఫలాలు చదివే ఉంటారు, కొందరు రాసే ఉంటారు. పై నాలుగు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. వృశ్చికం తీసేసి మీనం పెట్టినా ఏమీ మారదు. చివరి వాక్యమైతే అసలు రాశిఫలాల్లోంచి అక్షరం మార్చకుండా దించిందే. పేపర్లో చదివితే ధైర్యం చెప్పినట్టుంటుంది. సిలబస్ సగం కూడా తిరగెయ్యనివాడు పరీక్ష ముందు రోజు రాత్రి చదివితే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

ఈ వేళాకోళం కాలేజీ కుర్రాళ్లు కనిపెట్టింది కాదు. 1532 చివర్లో ఫ్రాన్సులో రాబెలే అనే రచయిత, రాబోయే 1533వ సంవత్సరానికి ఒక వెక్కిరింపు జోస్యం రాశాడు. అచ్చు యంత్రం పుణ్యమా అని అప్పటికే ఏటేటా జోస్యాల పుస్తకాలు జోరుగా అమ్ముడుపోతున్నాయి. ఆయన వాటి గంభీరమైన గొంతునే అరువు తెచ్చుకుని చెప్పిందేమిటంటే, ఈ ఏడాది గుడ్డివాళ్లకు చూపు అంతంతమాత్రం, చెవిటివాళ్లకు వినికిడి తక్కువ, డబ్బున్నవాళ్ల పరిస్థితి పేదవాళ్ల కంటే కొంచెం మెరుగు, ఆరోగ్యవంతుల పరిస్థితి రోగుల కంటే నయం. తప్పడానికి వీల్లేని జోస్యాలు ఇవి. పైగా ఆయన మనుషుల్ని వాళ్ల స్థితిని బట్టి గ్రహాలకు పంచాడు. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లంతా శనికి వెళ్లారు. సప్లీలు మిగిలినవాళ్లది ఒక రాశి, మొదటి బెంచీవాళ్లది ఒక రాశి అని విడగొట్టే కాలేజీ జోస్యానికీ దీనికీ తేడా ఎంతో లేదు.

జోస్యాన్ని వెక్కిరించడంలో రెండో దారి ఇంగ్లీషు రచయిత స్విఫ్ట్‌ది. 1708లో లండన్‌లో జాన్ పార్ట్రిడ్జ్ అనే జ్యోతిష్కుడి వార్షిక పుస్తకానికి మంచి గిరాకీ ఉండేది. స్విఫ్ట్ ఐజాక్ బికర్‌స్టాఫ్ అనే దొంగపేరు పెట్టుకుని ఒక కరపత్రం వేశాడు. ఈ జ్యోతిష్కులు 'ఈ నెలలో ఒక గొప్ప వ్యక్తికి మరణభయం గానీ అనారోగ్యం గానీ' అని రాస్తారనీ, అది ఏ దేశానికైనా ఏ కాలానికైనా సరిపోతుందనీ అందులో దెప్పిపొడిచాడు. తాను మాత్రం అలా కాదంటూ, పార్ట్రిడ్జ్ మార్చి 29 రాత్రి సుమారు 11 గంటలకు జ్వరంతో పోతాడని తేల్చేశాడు.

ఆ రోజు దాటాక జోస్యం ఫలించిందని స్విఫ్టే ఇంకో కరపత్రం వేశాడు. అందులో పార్ట్రిడ్జ్ ఏడు దాటిన ఐదు నిమిషాలకే పోయాడనీ, బికర్‌స్టాఫ్ లెక్క దాదాపు నాలుగు గంటలు తప్పిందనీ ఒప్పుకున్నాడు. ఆ చిన్న తప్పు ఒప్పుకోవడంలోనే ఉంది కిటుకంతా. పాపం పార్ట్రిడ్జ్ తాను బతికే ఉన్నానని అచ్చువేయించుకోవాల్సి వచ్చింది. దానికీ స్విఫ్ట్ దగ్గర జవాబు ఉంది: ఆ పుస్తకం చదివినవాళ్లంతా 'బతికున్నవాడెవడూ ఇలాంటి చెత్త రాయడు' అంటున్నారు కదా, ఇంతకంటే రుజువేం కావాలి?

ఇవాళ మనం పేపర్లో చూసే పన్నెండు పేరాల రూపం మాత్రం ఇటీవలిది. 1930 ఆగస్టులో బ్రిటన్ రాజకుటుంబంలో మార్గరెట్ పుట్టినప్పుడు, సండే ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆర్.హెచ్. నేలర్ చేత ఆ పాప జాతకం రాయించింది. జీవితం సంఘటనలతో నిండి ఉంటుందన్నాడు. రాజుగారింట్లో పుట్టిన పిల్లకు ఉండకేం! జనానికి అది నచ్చడంతో శీర్షిక కొనసాగింది. తర్వాత పుట్టినరోజును బట్టి పాఠకులందరినీ పన్నెండు గుంపులు చేయడం పత్రికల్లో స్థిరపడింది. మన రాశి చంద్రుణ్ని బట్టి, వాళ్లది సూర్యుణ్ని బట్టి. లెక్క వేరైనా ఇబ్బంది ఒకటే: లక్షలమంది మీద ఒకే పేరా పడాలి. అందుకే ఆ భాష 'సన్నిహితులతో స్వల్ప విభేదాలు', 'పనుల్లో జాప్యమైనా పూర్తి' అని రెండు వైపులా తలుపులు తెరిచి ఉంచుతుంది.

ఆ తలుపుల్లోంచి జనం ఎంత సులువుగా దూరతారో 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికా సైకాలజిస్టు కొలిచి చూశాడు. కొలిచింది ఎవరి మీదనుకున్నారు, తన క్లాసులోని 39 మంది విద్యార్థుల మీదే. ముందు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత 'ఇదీ నీ వ్యక్తిత్వం' అని ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం. అందులోని వాక్యాల్లో చాలావరకు బజారులో దొరికే జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవే. 'కొన్నిసార్లు కలివిడిగా ఉంటావు, కొన్నిసార్లు నీలో నువ్వే ఉంటావు' అన్నది వాటిలో ఒకటి. ఏ హాస్టల్ గదిలో ఎవరికి సరిపోదు చెప్పండి?

హాస్టల్ జోస్యం ఈ కాగితాన్ని తిరగేసి పట్టుకుంటుంది. ఫోరర్ విద్యార్థులకు అది అందరికీ ఇచ్చినదని తెలియదు కాబట్టి నమ్మారు. మనకు తెలుసు కాబట్టి నవ్వుతాం. ఆ నవ్వు రావాలంటే రాసేవాడి గొంతులో నవ్వు ఉండకూడదు. 'క్యాంటీన్ తిండి దరిద్రం' అంటే అది ఫిర్యాదు. 'ఆహార విషయంలో జాగ్రత్త అవసరం. ముఖ్యంగా మధ్యాహ్నం' అంటే అది రాశిఫలం. 'వైఫై వల్ల మనశ్శాంతి లోపిస్తుంది', 'అరువిచ్చిన చార్జర్ ఆలస్యంగానైనా చేతికి అందుతుంది' అన్నవీ ఆ కోవలోవే. అసలుదాని వ్యాకరణం చెక్కుచెదరకూడదు, వస్తువు మాత్రం చిన్నబోవాలి. 'ధనం' ఉండాల్సిన చోట చార్జర్ ఉండాలి.

స్విఫ్ట్ దారిలో వెళ్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మా హాస్టల్ బోర్డు మీద నేనూ నా రూమ్మేటూ వారానికోసారి సుద్దముక్కతో ఫలాలు రాసేవాళ్లం. ఒక వారం ఉత్సాహం ఎక్కువై 'కన్య: గురువారం బకెట్ పోవును' అని రాశాం. గురువారం సాయంత్రం మూడో అంతస్తు సీనియర్ ఒకాయన మా తలుపు తట్టాడు.

"నాది కన్య. బకెట్ ఎక్కడ పెట్టార్రా?"

అది జోస్యమేనన్నా, తిథీ వారం మాకు తెలియవన్నా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. గురువారం అని రోజుతో సహా రాసినవాడికి జాడ తెలియకుండా ఎలా ఉంటుందని ఆయన వాదన. 'విలువైన వస్తువుల పట్ల అప్రమత్తత' అని రాసి ఉంటే ఆ బకెట్ పోయాక మమ్మల్నే మెచ్చుకునేవాడు. రెండు రోజుల తర్వాత అది నీళ్ల ట్యాంకు దగ్గర దొరికింది. ఆయన మాత్రం నేను ఆ హాస్టల్ ఖాళీ చేసేదాకా కనిపించినప్పుడల్లా నా చేతుల వైపే చూసేవాడు.