పెద్దమనిషి అయ్యాక చెబుదాంలే: అపోహలు - వాస్తవాలు

అపోహ: మొదటి నెలసరి వచ్చాక కూర్చోబెట్టి అన్నీ చెబితే సరిపోతుంది.

గైనకాలజిస్టుగా నేను తల్లుల నోట ఎక్కువగా వినే మాట ఇదే. కానీ నెలసరి మార్పుల మధ్యలో వచ్చే ఘట్టం, మొదలు కాదు. 8 నుంచి 13 ఏళ్ల మధ్య రొమ్ము దగ్గర చిన్న గడ్డలా మొదలవుతుంది. చాలాసార్లు ముందు ఒక పక్కే వస్తుంది, ముట్టుకుంటే నొప్పి కూడా. పిల్ల జబ్బేమో అని భయపడి ఎవరికీ చెప్పదు. అక్కడి నుంచి సుమారు రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. అంటే చెప్పడానికి మీకు రెండేళ్ల టైమ్ ఉంది.

అదంతా ఒక్కరోజు చెప్పక్కర్లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, స్కూటీ మీద వెళ్తూనో రెండు మాటలు చెప్పండి. మొహం మొహం చూసుకోనప్పుడు పిల్లలు బాగా మాట్లాడతారు. "కొన్నాళ్లకు కింద నుంచి రక్తం వస్తుంది. అది దెబ్బా కాదు, జబ్బూ కాదు. గర్భసంచి లోపలి పొర నెలకోసారి ఊడి బయటికొస్తుంది. స్కూల్లో వస్తే టీచర్‌కి చెప్పు, బ్యాగులో రెండు ప్యాడ్లు పెట్టాను." పదేళ్ల పిల్లకు ఇంతే చాలు. మగపిల్లలకూ ఇది చెప్పాలి. నిద్రలో వీర్యం పోవడం మామూలేనని, దానివల్ల నీరసం రాదని కూడా వాళ్లకు ముందే తెలియాలి.

అపోహ: 28 రోజులకు రాకపోతే ఏదో తేడా జరిగినట్టే.

ఒక తల్లి పదమూడేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. పెద్దమనిషి అయి ఎనిమిది నెలలైంది. జూన్ 3న నెలసరి వచ్చింది, నా దగ్గరికొచ్చిన జులై 13కి కూడా మళ్లీ రాలేదు. మధ్యలో ఇంట్లో జరిగింది వేరు. "ఎవరితోనైనా తిరుగుతున్నావా?" అని తల్లి టెన్షన్‌లో అడిగేశారు. ఆ పిల్ల నా ముందు తల ఎత్తలేదు.

నేను తల్లిని ఐదు నిమిషాలు బయట కూర్చోమన్నాను. ఈ వయసు పిల్లలు ఎవరొచ్చినా నేను ఇలా కొంతసేపు ఒంటరిగా మాట్లాడతాను. ఆ అమ్మాయి విషయంలో భయపడాల్సింది ఏమీ లేదు. తర్వాత క్యాలెండర్ తీసి ఇద్దరికీ లెక్క చూపించాను. నెలసరి మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు వరకు లెక్కపెట్టాలి. జూన్ 3 నుంచి జులై 13 అంటే 40 రోజులు. మొదటి రెండు మూడేళ్లు అండం ప్రతినెలా విడుదల కాదు కాబట్టి ఈ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. మూడు నెలలు దాటినా రాకపోతే, వారం దాటి రక్తం పోతుంటే, గంట రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, 15 ఏళ్లు నిండినా మొదలవకపోతే డాక్టరు దగ్గరికి రావాలి. ఆ అమ్మాయికి ఏ మందూ రాయలేదు. ఒక్కటే చెప్పాను, డేట్లు తనే రాసుకోమని.

అపోహ: "అబ్బాయిలతో జాగ్రత్త" అంటే సమ్మతి గురించి చెప్పినట్టే.

జాగ్రత్త అనే మాటలో ఏం చేయాలో లేదు. పైగా ఏదైనా జరిగితే తప్పు తనదే అన్న అర్థం ఉంది. సమ్మతి ఇంట్లోనే మొదలవుతుంది. బాబాయి బుగ్గ గిల్లితే వద్దన్నప్పుడు "ఏం కాదులే" అనకుండా ఆ మాటను మనం నిలబెట్టాలి. పెద్ద పిల్లలకు సూటిగా చెప్పండి: మౌనం ఒప్పుకోవడం కాదు, ఒకసారి ఒప్పుకున్నా మధ్యలో వద్దనవచ్చు, ఫొటో పంపమని బతిమాలడం కూడా ఒత్తిడే. అబ్బాయికి ఇది రెండు వైపుల నుంచీ చెప్పాలి, తను అడిగేటప్పుడూ, తనను అడిగినప్పుడూ. చట్టం సంగతీ దాచొద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమ్మతి చెల్లదు. ఇద్దరూ ఇష్టపడినా కేసవుతుంది.

అపోహ: గర్భనిరోధం గురించి చెబితే అనుమతి ఇచ్చినట్టే.

చెప్పడం వల్ల పిల్లలు తొందరపడరని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. చెప్పకపోతే ఏమవుతుందో నేను ఓపీలో చూస్తుంటాను. ఇంటర్ వయసుకు ఈ మాత్రం తెలియాలి: కండోమ్ గర్భాన్నీ, సుఖవ్యాధులనూ రెంటినీ అడ్డుకుంటుంది. అత్యవసర మాత్ర రక్షణ లేకుండా కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను వాయిదా వేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేయదు, ఆ తర్వాత మళ్లీ కలిస్తే కాపాడదు. వేసుకున్నాక నెలసరి కాస్త ముందూ వెనకా కావచ్చు. అనుకున్న తేదీ దాటి వారమైతే మూత్రంతో గర్భ పరీక్ష చేసుకోవాలి. గర్భస్రావం మాత్ర పూర్తిగా వేరు, దాన్ని మందుల షాపులో కొని సొంతంగా వేసుకుంటే రక్తస్రావం ప్రాణం మీదికి రావచ్చు.

ఇదంతా చెప్పాక నేను తల్లిదండ్రులతో ఇంకో మాట అనిపిస్తాను. "నీకు ఎప్పుడైనా భయమేస్తే ముందు నాకు చెప్పు. తిట్టను. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం." ఆ జులైలో వచ్చిన తల్లి కూతురి చెయ్యి పట్టుకుని, నా ముందే ఈ మాటలు అన్నారు.