హాస్టల్‌కు తేకూడని వస్తువులు: హీటర్ రాడ్ గురించి అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఇంజనీరింగ్ అమ్మాయిల హాస్టల్‌కు వార్డెన్‌ని. మా పిల్లల్లో చాలామంది అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లే. సీటు ఖాయం కాగానే తల్లిదండ్రులకు రెండు పేజీల ఉత్తరం పంపుతాం. మొదటి పేజీలో తీసుకురావలసినవి, రెండో పేజీలో తేకూడనివి ఉంటాయి. మొదటి పేజీని అందరూ శ్రద్ధగా చదువుతారు, టిక్కులు పెట్టుకుని మరీ కొంటారు. రెండో పేజీ దగ్గరికి వచ్చేసరికి ‘ఇవన్నీ రాయాలి కాబట్టి రాస్తారు’ అనుకుని మడిచేస్తారు. ఆ పేజీలో మొదటి వరుసలో ఉండేది హీటర్ రాడ్. చేరిన వారం లోపల ఎవరో ఒకరి గదిలో మాకు దొరికేదీ అదే.

దీన్ని పిల్లలు దొంగతనంగా తెస్తారని నేను అనను. చాలాసార్లు అమ్మలే దుప్పటి మడతల్లో పెట్టి పంపుతారు. ‘గేటు దగ్గర అడుగు వరకూ చూడరట’ అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం వస్తుంది. అమ్మల మీద మాత్రం రాదు. పుట్టినప్పటి నుంచి వేడినీళ్లు పోసి పెంచిన పిల్ల ఈ ఊరి చలిలో చన్నీళ్లు పోసుకుంటుందని తలుచుకుంటే ఏ తల్లికైనా ప్రాణం ఒప్పదు.

అపోహ: కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికే వద్దంటున్నారు.

ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. 1500 వాట్ల రాడ్‌కు అది సుమారు ఇరవై నిమిషాల పని. ఆ కొద్ది రూపాయల కోసం మీతో, మీ అమ్మాయితో తగవు పెట్టుకోవలసిన అవసరం మాకు లేదు. మా భయమంతా ఆ ఇరవై నిమిషాల గురించే.

అపోహ: ఇంట్లో ఏళ్ల తరబడి వాడుతున్నాం, ఏమీ కాలేదు. ఒకవేళ ఏదైనా అయితే ఎంసీబీ స్విచ్ దానంతట అదే పడిపోయి కరెంటు ఆపేస్తుంది.

ఎక్కువమంది నష్టపోయేది ఈ మాటను నమ్మే. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

ఇంట్లో రాడ్ కోసం స్నానాల గది దగ్గర పెద్ద సాకెట్ ఉంటుంది. అది 16 ఆంపియర్లది, దాని వెనక లావు వైరు ఉంటుంది. హాస్టల్ గదిలో చదువుకునే బల్ల పక్కన ఉండేది 6 ఆంపియర్ల చిన్న సాకెట్. 230 వోల్టుల దగ్గర దాని శక్తి 1380 వాట్లు. 1500 వాట్ల రాడ్ దాదాపు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, అంటే మొదటి రోజే హద్దు దాటుతుంది. ఇండక్షన్ స్టవ్వయితే 2000 వాట్ల దాకా పోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు, ఫోను చార్జర్ ఇరవై వాట్లు. ఆ సాకెట్ పెట్టింది వీటి కోసం.

ఇక ఎంసీబీ సంగతి. అది చూసేది తన గుండా ఎంత కరెంటు పోతోందన్న ఒక్క విషయమే. 16 ఆంపియర్ల ఎంసీబీ 17 ఆంపియర్లకు ఠక్కున పడిపోదు, కొద్దిపాటి అదనపు భారాన్ని చాలాసేపు భరిస్తుంది. ఆరున్నర ఆంపియర్ల రాడ్ ఒక్కటే నడుస్తుంటే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ మంట పుట్టడానికి ఆ ఆరున్నర ఆంపియర్లే చాలు. ఎలాగో మా రెండో అంతస్తులో జరిగిన సంగతి చెబితే తెలుస్తుంది.

వర్షాకాలం, ఉదయం టిఫిన్ వేళ. వరండాలో కాలిన ప్లాస్టిక్ వాసన. వాసన పట్టుకుంటూ వెళ్తే ఒక గదికి తాళం వేసి ఉంది, లోపల ఇద్దరు పిల్లలూ మెస్సుకు వెళ్లారు. మారు తాళంతో తెరిచాం. మంచం పక్కన బకెట్, అందులో రాడ్ ఇంకా నడుస్తోంది, నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. రాడ్ ప్లగ్గు పెద్ద పిన్నులది కావడంతో చిన్న సాకెట్‌లో పట్టడానికి కన్వర్టర్ ఒకటి కొని తగిలించారు. ఆ కన్వర్టర్ సాకెట్‌లో నిలబడక బరువుకు కిందికి వాలిపోయింది. సాకెట్ రంధ్రాల చుట్టూ కాఫీ మరకలాంటి గోధుమరంగు చార. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పితే లోపల స్క్రూ కింద వైరు తొడుగు అంగుళం మేర నల్లబడి పెళుసుగా ఊడి వచ్చింది. బోర్డుకు జానెడు దూరంలో కర్టెన్ వేలాడుతోంది. ఎంసీబీ పడలేదు, ఆన్‌లోనే ఉంది.

పిన్ను వదులుగా ఉన్నచోట, స్క్రూ బిగువుగా లేనిచోట కరెంటు దాటడానికి కొంత అడ్డు ఏర్పడుతుంది. ఆ అడ్డు అర ఓమ్ అనుకుందాం. ఆరున్నర ఆంపియర్లు దాని గుండా పోతే ఆ ఒక్క బిందువు దగ్గరే ఇరవై వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవాళ్ల చేతిలో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది. దాన్ని వెలిగించి స్విచ్ బోర్డు లోపల పెట్టి మూసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అదే సాకెట్‌లో, అదే వదులు పిన్నుతో ఫోను చార్జర్ పెడితే కరెంటు ఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు, పుట్టే వేడి లెక్కలోకే రాదు. అందుకే ‘అదే ప్లగ్గులో రోజూ ఫోను పెడుతున్నా ఏమీ కాలేదు’ అన్న ధైర్యం రాడ్‌కు పనికిరాదు.

మీ ఇంట్లోనూ ఇది గమనించవచ్చు. రాడ్ వాడిన తరువాత స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, దాని పిన్నుల దగ్గర ప్లాస్టిక్ వేడిగా ఉందేమో చూడండి. కాస్త గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నులు నల్లబడినా, సాకెట్ చుట్టూ రంగు మారినా ఆ సాకెట్‌ను వెంటనే మార్పించండి.

ఆ కన్వర్టర్ చేసే ఇంకో చెరుపు షాకు. రాడ్ తీగ ఒక లోహపు గొట్టంలో ఉంటుంది, రెండింటి మధ్యా కరెంటు బయటికి రాకుండా పొడి నింపుతారు. నీళ్లు గుర్తు కంటే తక్కువగా ఉన్నప్పుడు రాడ్ పెడితే గొట్టం విపరీతంగా వేడెక్కి ఎక్కడో సన్నగా పగులుతుంది. ఆ పగులులోంచి నీళ్లు లోపలికి పోతే కరెంటు బయటికి వస్తుంది. ఎర్తు పిన్ను సరిగా ఉంటే ఆ కరెంటు అటు వెళ్లిపోతుంది. చౌక కన్వర్టర్లలో చాలావాటికి ఎర్తు దారే ఉండదు. పైగా బకెట్ ప్లాస్టిక్‌ది. నీళ్లలో కరెంటు ఉన్నట్టు పైకి ఏ సూచనా కనిపించదు. వేడెక్కాయో లేదో అని పిల్ల వేలు ముంచి చూస్తుంది, మనందరం చేసేదే కదా. మా భవనంలో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంది, టెస్ట్ బటన్ నొక్కి చూస్తూనే ఉంటాం. కానీ ఎర్తు లేనిచోట అది మేలుకునేది కరెంటు మనిషి గుండా పారడం మొదలైన తరువాతే. అది వెంటనే ఆపేస్తుందన్నది నిజమే. నా పిల్లల మీద దాన్ని పరీక్షించడం మాత్రం నాకు ఇష్టం లేదు.

మరి వేడినీళ్ల మాట?

ఇది న్యాయమైన ప్రశ్న. బెంగళూరులో చాలా భవనాలకు ఉన్నట్టే మా డాబా మీద కూడా సోలార్ హీటర్ ఉంది. జూలై, ఆగస్టుల్లో మబ్బు పట్టిన రోజుల్లో దాని నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి, ఆ రోజుల్లో గీజర్ వేస్తాం. కింది అంతస్తుల్లో కుళాయి తిప్పగానే మొదట గొట్టంలో నిలిచిన చల్లనీళ్లే వస్తాయి. కొత్త పిల్లలు అది చూసి ‘వేడినీళ్లు రావట్లేదమ్మా’ అని ఇంటికి ఫోను చేస్తారు, మర్నాడే కొరియర్‌లో రాడ్ వస్తుంది. అరబకెట్ పట్టి బట్టలకు వాడుకుంటే ఆ వెనకే వేడినీళ్లు వస్తాయని చెప్పండి. అప్పటికీ రాకపోతే నాకు ఫోను చేయండి, అది నేను సరిచేయవలసిన పని.

రాత్రి గొంతు నొప్పికి, ఆవిరి పట్టడానికి కెటిల్ కావాలంటారు. కెటిల్ కూడా 1500 వాట్లదే. దానికి బదులు ఒక లీటరు స్టీలు ఫ్లాస్కు పంపండి. రాత్రి భోజనాల వేళ మెస్సులో మరిగిన నీళ్లు పట్టుకుంటే తెల్లవారేదాకా తాగడానికి వేడిగానే ఉంటాయి. ఆవిరి పట్టాలంటే మెస్సులోనే గిన్నెతో నీళ్లు ఇస్తారు. ఇస్త్రీ పెట్టె కొనవద్దు, కింద ఇస్త్రీ గదిలో పెద్ద సాకెట్‌తో ఉంది.

అపోహ: జబ్బు ఉందని రాస్తే హాస్టల్‌లో చేర్చుకోరు.

మొదటి పేజీలో అడిగే వైద్య వివరాల పత్రంలో చాలామంది అన్నిటికీ ‘లేదు’ అని రాసేస్తారు. ఆస్తమా ఉన్నా, మూర్ఛ ఉన్నా అంతే. పెళ్లి సంబంధాల దాకా వెళుతుందన్న భయం నాకు తెలుసు. ఆ కాగితం నా బీరువా దాటి పోదు. మూర్ఛ ఉందని తెలిస్తే పై మంచం ఇవ్వను, గదిలో తోడుండే అమ్మాయికి ఏం చేయాలో నేర్పుతాను: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, తాళాలు చేతిలో కుక్కకూడదు, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. తెలియకపోతే అర్ధరాత్రి ఆసుపత్రిలో డాక్టరు ‘ఏ మందు వాడుతోంది?’ అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండదు. రోజువారీ మందులు మేం తీసేసుకోం, పిల్ల దగ్గరే ఉంటాయి. డాక్టర్ చీటీ నకలు మాత్రం మాకు ఇవ్వండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. పరుపు ముందే కొనకండి, మంచం కొలత చూసి ఇక్కడే కొనవచ్చు. హాస్టల్‌కు సర్టిఫికెట్ల నకళ్లు చాలు, అసళ్లు కాలేజీలో చూపించి వెనక్కి తీసుకువెళ్లండి. సంస్థలు వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రానికి స్టాంపు పేపర్ల కోసం డబ్బు పోయకండి, antiragging.in లో ఉచితంగా నింపి ఆ నమోదు సంఖ్య మాకు పంపితే సరిపోతుంది. బంగారం వద్దు. ఆవకాయకు అభ్యంతరం లేదు, మూత గట్టిదై ఉండాలి.

రాడ్ ఇప్పటికే కొనేసి ఉంటే చేరే రోజు గేటు దగ్గరే నాకు ఇవ్వండి. పేరు రాసి, రసీదు ఇచ్చి దాస్తాం, సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తాం. ఉత్తరంలో లేని వస్తువు గురించి సందేహం వస్తే దాని అడుగున అంటించిన కాగితం మీద వాట్లు చూడండి. దీపం, చార్జర్, చిన్న బల్ల ఫ్యాను లాంటివి వంద వాట్ల లోపు ఉంటాయి, అవి తెచ్చుకోవచ్చు. నాలుగంకెలు కనిపిస్తే ఇంట్లోనే ఉంచండి. మధ్యలో ఉంటే కొనే ముందే నాకు ఫోను చేయండి.