శీర్షికే చిరునామా అయినప్పుడు: జంట బ్రాకెట్ల వివాదం వెనుక కథ

నోట్సు యాప్‌లు వాడేవాళ్ల మధ్య పాత తగవు ఒకటి మళ్లీ రాజుకుంది. ఒక నోటు నుంచి మరొక నోటుకు లింకు వేయడానికి జంట చతురస్ర బ్రాకెట్లు వాడాలా, లేక సాదా ఫైలులో చిన్న గుర్తులతో రాతను అమర్చే మార్క్‌డౌన్ పద్ధతిలో, ఎక్కడైనా చెల్లే మామూలు లింకు వాడాలా అన్నదే ఆ తగవు. ఒక యాప్ విడిచి మరొక యాప్‌కు మారేవారు తమ లింకులు చెల్లాచెదురైన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తూనే ఉంటుంది. నేటి తగవుకు మూలం 2001లో ఉంది.

అంతకుముందు ఆరేళ్లుగా, అంటే 1995లో అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ ఎవరైనా దిద్దగల వెబ్‌సైటైన మొదటి వికీని నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి, లింకు వేయడానికి ప్రత్యేకమైన గుర్తంటూ ఏదీ లేదు. రెండు మూడు ఇంగ్లిషు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాట మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తే అదే లింకయ్యేది. వేగంగా రాసుకోవడానికి ఇది బాగానే ఉండేది గానీ, ఒకే మాట ఉన్న శీర్షికకు లింకు వేయాలంటే ఆ మాట స్పెల్లింగును వంకరగా రాయక తప్పేది కాదు. 2001 జనవరిలో వికీపీడియా మొదలైనప్పుడు క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్‌వికీ అనే సాఫ్ట్‌వేర్ మీదే నడిచింది, తొలి రోజుల్లో అక్కడా ఇదే పద్ధతి ఉండేది. విజ్ఞాన సర్వస్వంలో ఒంటి మాట శీర్షికలే ఎక్కువ కాబట్టి ఇబ్బంది వెంటనే బయటపడింది. ఆ ఏడాదే జంట బ్రాకెట్లు వచ్చాయి. వాటి మధ్య ఏమి రాస్తే అదే పేజీ పేరు, ఆ పేరే దాని చిరునామా.

ఈ మార్పు మనకు ఎంత అవసరమైందో ఇంగ్లిషు వాళ్ల చరిత్రలో కనబడదు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అనే తేడాయే లేదు. పాత పద్ధతే కొనసాగి ఉంటే తెలుగు శీర్షికకు లింకు వేసే దారే ఉండేది కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొదటి నుంచీ ఈ బ్రాకెట్ల మీదే నిలబడింది. పైగా అక్కడ మన వ్యాకరణానికి కూడా చోటు దొరికింది: బ్రాకెట్లు మూశాక వాటికి ఆనించి విభక్తి రాస్తే, తెరమీద అది కూడా లింకులో భాగంగానే కనబడుతుంది.

```
[[హైదరాబాదు]]లో
```

బ్యాక్‌లింకు కూడా వికీల్లో ముందే ఉంది. ఒక పేజీని ఏయే పేజీలు ప్రస్తావిస్తున్నాయో చూపే జాబితాకు చాలా వికీల్లో ఒక మూల చోటుండేది గానీ, దాన్ని తెరిచి చూసేవారు తక్కువ. 2020 ప్రాంతంలో పేరు తెచ్చుకున్న రోమ్ రీసెర్చ్ అనే నోట్సు యాప్ ఆ జాబితాను మూల నుంచి తీసి పేజీ అడుగున పెట్టింది. లింకు వేసిన పేరా మొత్తాన్ని అక్కడ చూపడంతో, వ్యక్తిగత నోట్సుకు అదే విషయసూచిక పని చేయసాగింది. అయితే రోమ్‌లో నోట్సు ఫైళ్లుగా ఉండవు, ఒక డేటాబేసులో ఉంటాయి. శీర్షిక మార్చితే అన్ని చోట్లా అదే మారుతుంది. 2020లోనే వచ్చిన అబ్సిడియన్ అనే యాప్ బ్రాకెట్లను, బ్యాక్‌లింకులను ఉంచుకుని, నోట్సును మాత్రం మన కంప్యూటరులోని మామూలు ఫైళ్లుగా ఉంచింది. అక్కడ ఫైలు పేరే శీర్షిక, శీర్షికే చిరునామా.

ఈ అమరిక ఎక్కడ తెగుతుందో నా నోట్సులోనే చూశాను. సాగునీటి మీద రాసుకున్న నోట్సులో ‘నీటి సంఘం’ అనే ఫైలు ఉండేది, పద్నాలుగు చోట్ల దానికి లింకు వేసుకున్నాను. చట్టంలో ఉన్న పేరే పెడదామని ఒకరోజు ఫోనులోని ఫైళ్ల యాప్ తెరిచి దాన్ని ‘నీటి వినియోగదారుల సంఘం’గా మార్చాను. నోట్సు యాప్ లోపల మార్చి ఉంటే లింకులను అదే సరిచేసేది, బయట మార్చినందువల్ల దానికి సంగతి తెలియలేదు. హెచ్చరికేమీ రాలేదు. పద్నాలుగు లింకులూ కొంచెం వెలిసిన రంగులో అలాగే ఉన్నాయి. ఒకదాన్ని నొక్కితే ‘నీటి సంఘం’ అనే కొత్త ఖాళీ నోటు పుట్టింది, దానితో మిగతా పదమూడూ మళ్లీ నిండు రంగుకు వచ్చాయి. అసలు నోటు మాత్రం బ్యాక్‌లింకు ఒక్కటీ లేకుండా మిగిలింది. రెండు వారాల తరువాత, దాని అడుగున ఏమీ లేకపోవడం చూసి గానీ నాకు విషయం అర్థం కాలేదు.

ఇలాంటి అనుభవాలు చూపించే మార్క్‌డౌన్ పక్షం వారు బ్రాకెట్లు వద్దంటారు. 2004లో వచ్చిన అసలు మార్క్‌డౌన్‌లో జంట బ్రాకెట్లు లేవన్నదీ, యాప్ పోతే అవి ఉత్త గుర్తులుగా మిగులుతాయన్నదీ నిజమే. కానీ వారు చూపే ప్రత్యామ్నాయం ఇలా ఉంటుంది:

```
[నీటి సంఘం](నీటి%20సంఘం.md)
```

బయట పేరు మార్చితే ఇదీ తెగుతుంది, ఫైలును మరో ఫోల్డరులోకి జరిపినా తెగుతుంది. బ్రాకెట్లయితే, ఆ పేరుతో ఒకే ఫైలు ఉన్నంతవరకు అది ఏ ఫోల్డరులో ఉన్నా వెతికి పట్టుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, రాస్తూ రాస్తూ ఇంకా పుట్టని నోటు పేరును బ్రాకెట్లలో పెట్టి ముందుకు సాగిపోవచ్చు. ఏ ఫోల్డరు, ఏ ఫైలు అని అప్పుడే తేల్చమంటే రాత ఆగిపోతుంది.

తెలుగులో రాసుకునేవారికి చిక్కు వేరే చోట ఉంది. తెలుగు వికీపీడియా విభక్తికి ఇచ్చిన వెసులుబాటు ఈ యాప్‌లలో లేదు. పైగా ‘సంఘం’ వంటి మాట విభక్తి చేరగానే ‘సంఘానికి’, ‘సంఘాన్ని’ అని రూపం మార్చుకుంటుంది. లింకు వేయకుండా వదిలిన ప్రస్తావనలను యాప్ తానే వెతికి చూపుతుంది గానీ, అది వెతికేది ‘నీటి సంఘం’ అనే అక్షరాల వరసను. ‘నీటి సంఘానికి’లో ఆ వరస లేదు కాబట్టి నా నోట్సులో సగం ప్రస్తావనలు దాని కంటపడలేదు. దీన్ని చేత్తో నిలువు గీత పెట్టి ఇలా రాసుకోవాలి:

```
[[నీటి సంఘం|నీటి సంఘానికి]]
```

ఇంతకంటే మొండిది కంటికి కనబడని అక్షరం. పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలవకుండా ఉండటానికి మన కీబోర్డుల్లో కొన్ని వెడల్పు లేని ఒక గుర్తును చొప్పిస్తాయి. ‘హైదరాబాద్’ అని రాసి ఆపినప్పుడు అది చివర మిగిలిపోవచ్చు. అప్పుడు చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు శీర్షికలు రెండు వేర్వేరు నోట్లవుతాయి, బ్యాక్‌లింకులు వాటి మధ్య చీలిపోతాయి. మార్క్‌డౌన్ లింకులోనూ ఇదే జరుగుతుంది కాబట్టి ఇందులో ఏ పక్షానికీ గెలుపు లేదు.

నేను ఇప్పుడు శీర్షికలను అజంతంగా, ‘హైదరాబాదు’ అనే రాస్తున్నాను. ‘నీటి సంఘం’ నోటు తలభాగంలో ‘నీటి సంఘానికి’, ‘నీటి సంఘాన్ని’, ‘నీటి సంఘాలు’ అనే మూడు మారుపేర్లు చేర్చాను. వదిలేసిన ప్రస్తావనలను వెతికేటప్పుడు యాప్ మారుపేర్లను కూడా చూస్తుంది. ‘నీటి సంఘాల’ వంటివి ఇంకా చేర్చవలసి ఉంది.