రెండు నోడ్‌లు తారుమారైన సెర్చ్ ట్రీ: అపోహలు - వాస్తవాలు

ముందుగా ఒక చిన్న చెట్టును చూద్దాం. రూట్‌లో 40 ఉంది. దాని ఎడమన 20, కుడిన 60. 20 కింద 10, 30 ఉండగా, 60 కింద 50, 70 ఉన్నాయి. ఇది సరైన బైనరీ సెర్చ్ ట్రీ. ఇప్పుడు 30, 50 పొరపాటున ఒకదాని స్థానంలోకి మరొకటి వెళ్లాయి. 30 కోసం వెతికితే 40 నుంచి ఎడమకు, 20 నుంచి కుడికి వెళ్లి 50 దగ్గర ఆగిపోతాం. 30 చెట్టులోనే ఉన్నా మనకు దొరకదు. లీట్‌కోడ్‌లో 99వ ప్రశ్నగా చాలామందికి పరిచయమున్న సమస్య ఇదే: చెట్టు ఆకారం మార్చకుండా ఆ రెండింటినీ తిరిగి సరిచేయాలి.

అపోహ: ప్రతి నోడ్‌నూ దాని పిల్లలతో పోల్చి చూస్తే తప్పు బయటపడుతుంది.

పై చెట్టులోనే పోల్చి చూడండి. 20 కుడిన 50 ఉంది, అది పెద్దదే. 60 ఎడమన 30 ఉంది, అది చిన్నదే. ఏ జంటలోనూ తప్పు లేదు, అయినా చెట్టు తప్పు. 40కి ఎడమవైపున్న నోడ్‌లన్నీ 40 కంటే చిన్నవిగా ఉండాలన్నది నియమం. పిల్లలను మాత్రమే చూస్తే మనవళ్ల దగ్గర జరిగిన తప్పు కనిపించదు.

కనిపించాలంటే చెట్టును ఇన్‌ఆర్డర్‌లో, అంటే ఎడమ భాగం, నోడ్, కుడి భాగం అనే వరుసలో చదవాలి. అప్పుడు 10, 20, 50, 40, 30, 60, 70 వస్తుంది. పెరుగుతూ పోవలసిన వరుస రెండుచోట్ల తగ్గింది: 50 తర్వాత 40, 40 తర్వాత 30. పెద్ద విలువ ముందుకు వచ్చింది కాబట్టి అది తన తర్వాతి దానికంటే పెద్దదిగా నిలుస్తుంది. చిన్న విలువ వెనక్కి వెళ్లింది కాబట్టి తన ముందుదానికంటే చిన్నదిగా ఉంటుంది. అందుకే మొదటి తగ్గుదలలోని ఎడమ విలువ, చివరి తగ్గుదలలోని కుడి విలువ, ఈ రెండే దోషులు. మధ్యనున్న 40 ఏ తప్పూ చేయలేదు.

అపోహ: తగ్గుదలలు ఎప్పుడూ రెండు ఉంటాయి.

వరుసలో పక్కపక్కనున్న విలువలు మారితే ఒక్కటే ఉంటుంది. 30, 40 మారాయనుకోండి: 10, 20, 40, 30, 50, 60, 70. ఇక్కడ ఇంకో పొరపాటు ఊహ కూడా వస్తుంది, ఒకే తగ్గుదల ఉంటే అవి తల్లీపిల్లలేనని. అది నిజం కాదు. అసలు చెట్టులో 40 రూట్, 30 దానికి రెండు అంచెల కింద ఉన్న ఆకు. వరుసలో పక్కన ఉండటం వేరు, చెట్టులో పక్కన ఉండటం వేరు.

రెండు సందర్భాలకూ కలిపి ఇంత రాస్తే చాలు. `prev` అంటే ఇన్‌ఆర్డర్ వరుసలో `cur`కు ముందు చూసిన నోడ్:

```
if prev and prev.val > cur.val:
    if first is None:
        first = prev
    second = cur
prev = cur
```

కీలకం ఏమిటంటే, `second`ను ప్రతి తగ్గుదల దగ్గరా మారుస్తున్నాం, `first`ను మాత్రం ఒక్కసారే పెడుతున్నాం. మొదటి తగ్గుదల చూడగానే ఆపేస్తే మన మొదటి ఉదాహరణలో 50, 40 మారిపోయి చెట్టు తప్పుగానే మిగులుతుంది. నడక పూర్తయ్యాక రెండు నోడ్‌ల విలువలను మార్చుకుంటే సరి.

అపోహ: మూడు పాయింటర్లే వాడుతున్నాం కాబట్టి అదనపు జ్ఞాపకం స్థిరమే.

రికర్షన్ వాడితే కాల్ స్టాక్ చెట్టు ఎత్తు మేరకు పెరుగుతుంది. చెట్టు ఒకే వైపు సాగిపోయి ఉంటే ఎత్తు నోడ్‌ల సంఖ్యతో సమానమవుతుంది. పైథాన్‌లో రికర్షన్ పరిమితి మామూలుగా 1000, కాబట్టి అంతకు మించి పొడవైన గొలుసు దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

నిజంగా స్థిరమైన జ్ఞాపకం కావాలంటే మోరిస్ పద్ధతి ఉంది. ఎడమ భాగంలోకి దిగే ముందు, ఆ భాగంలో అన్నిటికంటే కుడిచివర ఉన్న నోడ్ కుడి పాయింటర్‌ను ప్రస్తుత నోడ్ వైపు తాత్కాలికంగా తిప్పుతారు. ఆ దారిన తిరిగి వచ్చాక దాన్ని తెంచుతారు. ప్రమాదం ఎక్కడంటే, రెండు నోడ్‌లూ దొరికాయి కదా అని మధ్యలో బయటికి వస్తే తాత్కాలిక పాయింటర్లు తెగకుండా మిగిలిపోవచ్చు. అప్పుడు చెట్టులో వలయం ఏర్పడి, తర్వాతి నడక ఎప్పటికీ ముగియదు. అందుకే ఈ పద్ధతిలో చివరి నోడ్ దాకా నడవాల్సిందే.

అపోహ: ఈ పద్ధతి ఏ పాడైన చెట్టునైనా బాగుచేస్తుంది.

సరిగ్గా రెండు నోడ్‌లే మారాయని, విలువలన్నీ వేర్వేరని మనం ముందే నమ్మి మొదలుపెడుతున్నాం. ఆ మాట తప్పైతే కోడ్ తనంతట తాను చెప్పలేదు. మొదటి మూడు విలువలూ తిరిగి 30, 10, 20, 40... అయ్యాయనుకోండి. ఒకే తగ్గుదల కనిపిస్తుంది. 30, 10 మారిస్తే 10, 30, 20 వస్తుంది, తప్పు ఇంకా అక్కడే ఉంది. కాబట్టి కారణం తెలియని నష్టం అయితే, మార్చిన తర్వాత ఇంకోసారి ఇన్‌ఆర్డర్‌లో నడిచి చూడండి. తగ్గుదల మళ్లీ కనిపిస్తే ఈ పద్ధతి వదిలి, విలువలన్నీ తీసి క్రమపరిచి, అదే ఇన్‌ఆర్డర్ వరుసలో తిరిగి నోడ్‌లలో నింపాలి.