రేటు తగ్గినా వాయిదా ఎందుకు తగ్గలేదు: గృహరుణ వివాదానికి మూలం 2022లోనే ఉంది

బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు నాలుగు విడతలుగా 6.50 శాతం నుంచి 5.25 శాతానికి దిగివచ్చింది. అయినా తమ ఈఎంఐలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదని హైదరాబాద్‌లో గృహరుణం తీసుకున్న చాలామంది ఫిర్యాదు చేస్తున్నారు. బ్యాంకు తగ్గింపును దిగమింగిందన్నది వారి అనుమానం. తగ్గింపు ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవాలంటే, పెరుగుదల ఎక్కడికి వెళ్లిందో ముందు చూడాలి.

బ్యాంకులు తమ నిధుల ఖర్చును బట్టి వడ్డీ ప్రమాణాన్ని తామే నిర్ణయించుకున్న బేస్ రేటు, ఎంసీఎల్‌ఆర్ రోజుల కథ పాతది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త చర వడ్డీ గృహరుణాలను రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టడం తప్పనిసరి కావడంతో, రెపోలో మార్పు మూడు నెలల్లోపే అప్పుదారు ఖాతాకు చేరడం మొదలైంది. అయితే అసలు మలుపు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య వచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ తొమ్మిది నెలల్లో రెపో 4 శాతం నుంచి 6.50 శాతానికి ఎగబాకగా, బ్యాంకులు చాలా ఖాతాల్లో వాయిదాను కదపకుండా గడువును పొడిగించాయి.

నిజాంపేటలో ఫ్లాట్ కోసం 38 ఏళ్ల ఉద్యోగి ఒకరు 2021 ఆరంభంలో 40 లక్షల రూపాయలు 20 ఏళ్లకు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 6.75 శాతం, వాయిదా 30,415 రూపాయలు. లెక్క సులువుగా ఉండటానికి పెంపులన్నీ రెండేళ్ల తర్వాత ఒకేసారి వచ్చినట్టు భావిస్తే, అప్పటికి మిగిలిన అసలు సుమారు 37.97 లక్షలు. పాత రేటు మీద వాయిదాలో దాదాపు 9,055 రూపాయలు అసలు కింద జమ అయ్యేవి. రేటు 9.25 శాతం కాగానే నెల వడ్డీయే 29,270 రూపాయలకు చేరి, అసలుకు 1,145 రూపాయలే మిగిలాయి. అదే వాయిదాతో అప్పు తీరాలంటే మిగిలిన 216 నెలలు 427 నెలలవుతాయి. అంటే 58వ ఏట ముగియవలసిన అప్పు 75వ ఏట ముగుస్తుంది. పాత గడువునే నిలబెట్టుకోవాలంటే వాయిదా 36,154 రూపాయలు కావాలి. రేటు ఇంకొంచెం పెరిగి సుమారు 9.6 శాతం దాటి ఉంటే వాయిదా వడ్డీకే చాలక, కడుతున్నా అప్పు పెరుగుతూ పోయేది.

నెలసరి ఖర్చు ఒక్కసారిగా పెరిగితే కుటుంబాలు తట్టుకోలేవని, అందుకే గడువు పెంచామని బ్యాంకులు చెప్పాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏది కావాలో అప్పుదారును అడగకుండానే చాలాచోట్ల ఆ నిర్ణయం జరిగిపోయింది. సరైన సమాచారం, సమ్మతి లేకుండా గడువు గానీ వాయిదా గానీ పెంచుతున్నారన్న ఫిర్యాదులను రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో స్వయంగా ప్రస్తావించి, ఆ నెల 18న ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, గడువు పెంచుకోవాలో, రెండూ కొంత కొంత మార్చుకోవాలో ఎంచుకునే అవకాశం అప్పుదారుకు ఇవ్వాలి. గడువు పెంపు వల్ల వడ్డీ కూడా తీరని స్థితి రాకూడదు. మిగిలిన వాయిదాల సంఖ్యతో సహా మూడు నెలలకొకసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ ఏడాది డిసెంబరు 31లోగా ఇవి పాత అప్పులకూ వర్తించాలి. అప్పటికే పొడిగిన గడువులు మాత్రం వాటంతట అవి వెనక్కి రాలేదు.

ఇప్పుడు మన ఉద్యోగి దగ్గరకు వద్దాం. 9.25 శాతం మీద రెండేళ్లు పాత వాయిదానే కట్టి ఉంటే, చెల్లించిన సుమారు 7.30 లక్షల్లో అసలు తరిగింది దాదాపు 30 వేలే. తర్వాత రేటు 8 శాతానికి దిగిందనుకుంటే, అదే వాయిదాతో ఇంకా 263 నెలలు మిగులుతాయి. తగ్గింపు మాయం కాలేదు. పెరిగిన గడువును కుదించడానికే పోయింది. అంతా పోయినా, మొదటి ఒప్పందం ప్రకారం ఉండవలసిన 192 నెలలకు ఇది 71 నెలలు ఎక్కువ. ఆ 192 నెలల్లోనే ముగించాలంటే రేటు తగ్గాక కూడా ఆయన వాయిదాను 34,844 రూపాయలకు పెంచుకోవలసి ఉంటుంది.

కాబట్టి స్టేట్‌మెంట్‌లో వాయిదా మొత్తం కంటే ముందు మిగిలిన వాయిదాల సంఖ్యను చూడాలి. రేటు తగ్గిన తేదీకి ముందూ తర్వాతా ఆ సంఖ్య మారకుండా, వాయిదా కూడా మారకుండా ఉంటేనే తగ్గింపు ఖాతాకు చేరలేదని అనుమానించవచ్చు. 2023లోనే వాయిదాను 36,154కు పెంచుకున్నవారి పరిస్థితి వేరు. వారికి ఇప్పుడు మిగిలిన అసలు సుమారు 36.16 లక్షలు, గడువు పాతదే. 8 శాతం మీద వారికి కావలసిన వాయిదా 33,450 రూపాయలే కనుక, నెలకు 2,700 రూపాయల తగ్గింపును బ్యాంకు నుంచి అడిగి తీసుకోవచ్చు.